ఇంకా మూడు పేపర్లు, 112 మార్కులు: ఇంటర్ శాతం లెక్క ఎక్కడ తప్పుతుంది

మార్చిలో ఇంటర్ పరీక్షలు సగానికి వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్‌లో ఏటా ఒకరైనా కాగితం పట్టుకుని వస్తారు. 2025లో వచ్చింది కింది ఫ్లోర్‌లో ఉండే ఎంపీసీ సెకండియర్ అమ్మాయి. సంస్కృతం, ఇంగ్లిష్, మ్యాథ్స్ 2ఏ రాసేసింది. మ్యాథ్స్ 2బి, ఫిజిక్స్, కెమిస్ట్రీ మిగిలాయి. "అంకుల్, మొత్తం మీద 75 శాతం రావాలంటే ఈ మూడింటిలో ఒక్కోదాంట్లో ఎంత రావాలి?" అని అడిగింది.

అన్నీ వంద మార్కుల పేపర్లయితే ఇది నోటి లెక్కే. కానీ మ్యాథ్స్ పేపర్ 75కు, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 60కి. చిక్కంతా అక్కడే ఉంది. దానికి తోడు "75 శాతం" అనే మాటకు ఇంటర్ బోర్డు దగ్గర ఒక అర్థం, ఎన్ఐటీ సీట్ల దగ్గర ఇంకో అర్థం. ఈ రెండో సంగతి చాలామంది తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ దాకా తెలియదు.

వెయ్యి మార్కులు ఎలా వస్తాయి

ఆమె రాసిన తెలంగాణ పద్ధతిలో ఎంపీసీ ఫస్టియర్‌కు 470 మార్కులు. ఇంగ్లిష్ 100, సెకండ్ లాంగ్వేజ్ 100, మ్యాథ్స్ 1ఏ, 1బి చెరో 75, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 60. సెకండియర్‌లో ఇవే కొలతలతో మళ్లీ ఆరు పేపర్లు, వాటి మీద ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చెరో 30. అలా 530 అవుతుంది. రెండేళ్లూ కలిపితే వెయ్యి. అందుకే మన దగ్గర "తొమ్మిది వందల ఎనభై వచ్చాయి" అంటే చాలు, శాతం ఎవరూ అడగరు.

750, ఆపైన వస్తే ఏ గ్రేడ్. 600 నుంచి 749 దాకా బి. ప్రతి పేపర్లోనూ విడిగా 35 శాతం రావాలి. 75 మార్కుల మ్యాథ్స్‌కు అది 26, 60 మార్కుల పేపర్‌కు 21.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి ఫస్టియర్ పేపర్ల స్వరూపం మారింది. మ్యాథ్స్ ఏ, బి కలిపి ఒకే వంద మార్కుల పేపర్ చేశారు. కాబట్టి అక్కడి పిల్లలు కింద ఉన్న అంకెల బదులు తమ పేపర్ల గరిష్ఠ మార్కులు వేసుకోవాలి. లెక్క చేసే తీరు మాత్రం అదే.

ముందు శాతం పక్కన పెట్టి మార్కులు లెక్కపెట్టాలి

శాతంతో మొదలుపెడితేనే తికమక. లక్ష్యాన్ని ముందే మార్కుల్లోకి మార్చేస్తే మిగిలేది ఒట్టి తీసివేత. వెయ్యిలో 75 శాతం అంటే 750. ఇప్పటిదాకా చేతిలో ఉన్నవి అందులోంచి తీసేస్తే, మిగిలిన మూడు పేపర్లూ కలిసి తేవాల్సినవి ఎన్నో తెలుస్తుంది.

ఆ అమ్మాయికి ఫస్టియర్‌లో 352 వచ్చాయి. ఇవి మెమోలో ఉన్నవి, అనుమానం లేదు. ప్రాక్టికల్స్‌లో 29, 29 వస్తాయని అనుకుంటోంది. సంస్కృతంలో 96, ఇంగ్లిష్‌లో 84, మ్యాథ్స్ 2ఏలో 48 ఆమె అంచనా. సెకండియర్‌లో ఇప్పటిదాకా 286 అన్నమాట. ఫస్టియర్‌తో కలిపితే 638. ఇది 805 మార్కులకు. మిగిలిన మూడు పేపర్లు 75, 60, 60 కలిసి 195.

750లోంచి 638 తీసేస్తే 112. అంటే 195కు 112 తేవాలి. ఇప్పుడు కావాలంటే శాతంలో చెప్పుకోవచ్చు: 57.4.

ఇప్పటిదాకా ఆమె సగటు 79 శాతం పైనే ఉంది. అందువల్ల మిగిలిన వాటిలో 75 కంటే తక్కువ వచ్చినా సరిపోతుంది. ఆ మాట చెప్పగానే ఆమె టెన్షన్ సగం తగ్గింది. చివరి మూడింటిలోనూ 75 శాతం రావాల్సిందేనని అప్పటిదాకా అనుకుంటోంది.

ఇదే తీసివేతలో 195 కంటే పెద్ద అంకె వచ్చిందనుకోండి, ఆ లక్ష్యం అందదని అర్థం. ఆమెకు 85 శాతం కావాలంటే 850లోంచి 638 పోగా 212 కావాలి. ఉన్నవే 195. ఎంత చదివినా కుదరదు. సున్నా గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే లక్ష్యం ఇప్పటికే చేరినట్టు, ఇక చూసుకోవాల్సింది పాస్ మార్కులే.

మూడు శాతాల సగటు తీస్తే ఏమవుతుంది

57.4 అనే అంకె చేతికి రాగానే పిల్లలు చేసే పని ఒకటుంది. ఒక్కో పేపర్‌కు ఒక్కో శాతం వేసుకుని, మూడూ కలిపి మూడుతో భాగించి, 57.4 దాటిందా లేదా చూస్తారు. ఆ అమ్మాయీ అదే చేసింది. మ్యాథ్స్ 2బి అంటే భయం కాబట్టి అందులో 27 వస్తే చాలనుకుంది. అది 36 శాతం. ఫిజిక్స్‌లో 42, అంటే 70 శాతం. కెమిస్ట్రీలో 40, అంటే దాదాపు 66.7. మూడు శాతాల సగటు 57.6. "దాటేసింది కదా!" అంది.

మార్కులు కలిపి చూడండి. 27, 42, 40 కలిస్తే 109. కావాల్సినవి 112. మొత్తం 747 దగ్గర ఆగిపోతుంది, వచ్చేది బి గ్రేడ్.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూద్దాం. మ్యాథ్స్‌లో 60, ఫిజిక్స్‌లో 28, కెమిస్ట్రీలో 27 వచ్చాయనుకుందాం. శాతాల్లో 80, 46.7, 45. సగటు 57.2, అంటే కావాల్సిన దానికంటే తక్కువ. మార్కులు మాత్రం 115. మొత్తం 753, ఏ గ్రేడ్.

సగటు పాస్ అంటే మార్కులు ఫెయిల్, సగటు ఫెయిల్ అంటే మార్కులు పాస్. కారణం పెద్దదేమీ కాదు. మ్యాథ్స్‌లో ఒక శాతం అంటే ముప్పావు మార్కు. ఫిజిక్స్‌లో ఒక శాతం అంటే 0.6 మార్కు. రెండింటినీ సమానంగా చూస్తే పెద్ద పేపర్‌కు అన్యాయం జరుగుతుంది. పావుకిలో చొప్పున పోసిన సంచినీ అరకిలో చొప్పున పోసిన సంచినీ ఎన్నిసార్లు పోశామన్న లెక్కతో పోల్చినట్టు ఉంటుంది. బోర్డు మెమోలో కలిసేవి మార్కులు. అక్కడ ఏ పేపర్లో వచ్చినా మార్కు మార్కే.

ఒక్క మార్కు ఎక్కడ జారిపోతుంది

సరే, మూడు పేపర్లలోనూ ఒకే శాతం తెచ్చుకుందామంటే? 57.44 శాతం చొప్పున మ్యాథ్స్‌లో 43.08, ఫిజిక్స్‌లో 34.46, కెమిస్ట్రీలో 34.46 వస్తాయి. అర కంటే తక్కువ భిన్నం వదిలేయడం మనకు స్కూల్లో నేర్పిన అలవాటు. వదిలేస్తే 43, 34, 34. కూడితే 111.

ఆ ఒక్కటీ తగ్గితే మొత్తం 749. అది 74.9 శాతం. దాన్ని 75గా భావించే వెసులుబాటు మన ఊహలో తప్ప గ్రేడ్ పట్టికలో లేదు.

అలాగని మూడింటినీ పైకి సవరిస్తే 44, 35, 35 అయి 114 అవుతుంది. రెండు మార్కులు అదనం. నష్టం లేదు, కాకపోతే అవసరానికి మించిన బరువు. సరిగ్గా కావాలంటే ముందు భిన్నాలన్నీ వదిలేయాలి, ఎన్ని మార్కులు తగ్గాయో చూడాలి, ఆ తగ్గినవి పెద్ద భిన్నం వదులుకున్న పేపర్‌కు చేర్చాలి. ఇక్కడ తగ్గింది ఒకటే కాబట్టి కెమిస్ట్రీకి ఇస్తే 43, 34, 35 అవుతుంది. ఫిజిక్స్‌కు ఇచ్చినా తప్పు లేదు, రెండూ ఒకే భిన్నం వదులుకున్నాయి.

112ను పంచడంలో ఎవరి వాదన వారిది

లెక్క ఇంతవరకే చెబుతుంది. 112ను మూడు పేపర్ల మధ్య ఎలా పంచుకోవాలో చెప్పదు. అక్కడ అభిప్రాయాలు వేరవుతాయి.

అన్నింట్లోనూ ఒకే శాతం అనేది ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చే పద్ధతి. ఏ సబ్జెక్టునూ నిర్లక్ష్యం చేయకూడదన్నది వాళ్ల ఉద్దేశం. కాలేజీ లెక్చరర్లలో చాలామంది వేరేలా అంటారు. వచ్చిన సబ్జెక్టులోనే ఎక్కువ లాగు, రానిదాంట్లో గండం గడిస్తే చాలు అని. ఈ రెండోదానికి ఒక హద్దుంది, అదే పాస్ మార్కు. మ్యాథ్స్‌కు 26, మిగతా రెండింటికీ 21 చొప్పున కలిపితే 68. 112లో ఈ 68 ఎక్కడి నుంచి రావాలో ముందే ఖరారైపోయింది. మిగిలిన 44 మాత్రమే ఆమె ఇష్టం వచ్చిన చోట తెచ్చుకోదగ్గవి.

మ్యాథ్స్‌ను సరిగ్గా పాస్ మార్కుల దగ్గరే వదిలేస్తే ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిసి 120కి 86 తేవాలి. చెరో 43, అంటే 72 శాతం. కుదరని పని కాదు గానీ మొదటి పద్ధతిలో 34 చాలిన చోట 43 కావాల్సి వస్తోంది. పైగా 26 మీద గురి పెట్టి 25 తెచ్చుకుంటే గ్రేడ్ మాట దేవుడెరుగు, సప్లిమెంటరీ రాయాలి. నా మటుకు నేను పాస్ మార్కును లక్ష్యంగా పెట్టుకునే ఏ పంపకాన్నీ నమ్మను. దానికి ఐదారు మార్కులు పైన గీత గీసుకుని, అక్కడి నుంచి "ఇంకో గంట చదివితే ఏ పేపర్లో ఎక్కువ మార్కులు పెరుగుతాయి?" అని చూడటం మేలనిపిస్తుంది. ఆ అమ్మాయి విషయంలో జవాబు కెమిస్ట్రీ. అందులో చదవకుండా వదిలేసిన చాప్టర్లు రెండున్నాయి. మ్యాథ్స్‌లో తెలియనిది తక్కువ, తప్పులు చేసేది ఎక్కువ. ఒక గంటలో మారేవి ఆ చాప్టర్లే.

పేపర్ రాసొచ్చిన ప్రతిసారీ అంకె మారుతుంది

112 అనేది స్థిరమైన అంకె కాదు. దాని వెనక సంస్కృతం 96, ఇంగ్లిష్ 84, మ్యాథ్స్ 2ఏ 48 అనే అంచనాలున్నాయి. రాసొచ్చిన సాయంత్రం స్నేహితులతో జవాబులు సరిచూసుకుని వేసే అంచనాలు పైవైపే ఎక్కువగా తప్పుతాయని నా అనుభవం. మూడింటిలో కలిపి పది మార్కులు ఎక్కువ వేసుకుందనుకుంటే, కావాల్సినవి 112 కాదు, 122. అంటే 62.6 శాతం. వెయ్యి మీద చూస్తే పది మార్కులు ఒక్క శాతమే. కానీ ఆ భారమంతా 195 మార్కుల మీద పడుతుంది కాబట్టి అక్కడ ఐదు శాతం పైన పెరిగింది.

పరీక్షలు ముగింపుకు వచ్చేకొద్దీ ఇది ఇంకా బిగుసుకుంటుంది. మ్యాథ్స్ 2బిలో 43 అనుకున్న చోట 35 వచ్చాయనుకోండి. ఇక 120కి 77 కావాలి, 64 శాతం. తర్వాత ఫిజిక్స్‌లో 36 వస్తే కెమిస్ట్రీ ఒక్కదానిలోనే 60కి 41 తేవాలి, 68 శాతం. మొదట్లో 57తో పోయేది చివరి పేపర్ దగ్గరకొచ్చేసరికి 68 అయింది. అందుకే మొదటి రోజు రాసుకున్న 43, 34, 35 పట్టుకుని చివరిదాకా కూర్చోకూడదు. పేపర్ రాసొచ్చిన ప్రతిసారీ తీసివేత మళ్లీ చేయాలి.

ఇంప్రూవ్‌మెంట్‌కు ఇదే లెక్క పనికిరాదు

ఫస్టియర్ పాసైనవాళ్లు మేలో ఇంప్రూవ్‌మెంట్ రాస్తారు. మూడు పేపర్లు ఎంచుకుని, మొత్తం ఇంత శాతానికి చేరాలంటే ఎంత కావాలని వాళ్లూ అడుగుతారు. పైకి అదే ప్రశ్న. తేడా ఏమిటంటే, పాతవి, కొత్తవి రెండింటిలో ఏవి ఎక్కువైతే అవే నిలుస్తాయి. తగ్గే భయం లేదు.

ఇంకో విద్యార్థికి 470కి 352 వచ్చాయనుకుందాం. 80 శాతం కావాలి, అంటే 376. ఇంగ్లిష్ 100కు 70, మ్యాథ్స్ 1బి 75కు 46, ఫిజిక్స్ 60కి 38 వచ్చాయి. ఈ మూడూ మళ్లీ రాస్తున్నాడు. మామూలు పద్ధతిలో చూస్తే మూడూ కలిసి 235కు 178 తేవాలి. ఆ అంకె తప్పు కాదు గానీ మోసం చేస్తుంది. ఇంగ్లిష్ ఈసారి 60కి పడిపోయినా లెక్కలోకి వచ్చేది పాత 70. కాబట్టి ఇక్కడ చూడాల్సింది పెరగాల్సిన 24 మార్కులు, పెరగడానికి ఉన్న చోటు. ఇంగ్లిష్‌లో 30, మ్యాథ్స్‌లో 29, ఫిజిక్స్‌లో 22 మార్కుల చోటు ఉంది, మొత్తం 81. అందులో 24 రావాలి. ఒక్క మ్యాథ్స్‌లోనే 24 పెరిగినా పని అయిపోతుంది, మిగతా రెండూ ఎలా రాసినా సరే.

జోసా 75 శాతం: అక్కడ మార్కుకు విలువ మారుతుంది

ఇక అసలు మెలిక. ఆ అమ్మాయికి 75 శాతం ఎందుకని అడిగితే ఏ గ్రేడ్ కోసం కాదంది. జేఈఈ మెయిన్‌లో ర్యాంకు వస్తే ఎన్ఐటీ సీటుకు ఇంటర్‌లో 75 శాతం ఉండాలట. నిజమే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 65. అది లేకపోతే తమ బోర్డులో, తమ కేటగిరీలో టాప్ 20 పర్సంటైల్‌లో ఉన్నా చాలు.

అయితే ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా నిబంధనల్లో ఈ శాతాన్ని వెయ్యి మీద తీయరు. రెండేళ్ల మార్కులు కలిపి ఇచ్చే బోర్డులకు పన్నెండో తరగతి మార్కులనే, అంటే మనకు సెకండియర్‌నే తీసుకుంటారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఒక భాష, ఇంకో సబ్జెక్టు, ఇలా ఐదు. ఏ సబ్జెక్టు గరిష్ఠం వంద కాకపోయినా దాన్ని వందకు మార్చి, మొత్తం 500 మీద చూస్తారు. కావాల్సింది 375.

వందకు మార్చడం అంటే సబ్జెక్టులన్నింటికీ సమాన బరువు ఇవ్వడం. మెమో లెక్కలో తప్పని చెప్పిన సగటు ఇక్కడ ఒప్పు అయింది. సెకండియర్ మ్యాథ్స్ రెండు పేపర్లు కలిసి 150, అది వందకు తగ్గుతుంది. ఫిజిక్స్ ప్రాక్టికల్‌తో కలిసి 90, అది వందకు పెరుగుతుంది. కెమిస్ట్రీ కూడా అంతే. కాబట్టి మ్యాథ్స్‌లో ఒక మార్కు జోసా దగ్గర 0.67 అవుతుంది, ఫిజిక్స్‌లో ఒక మార్కు 1.11 అవుతుంది. ఐదు మ్యాథ్స్ మార్కులూ మూడు ఫిజిక్స్ మార్కులూ అక్కడ సమానం.

ఆమె అంకెలతోనే చూద్దాం. భాషలు రెండూ వందకే ఉన్నాయి కాబట్టి మారవు. 96, 84 కలిసి 180. ఇక మిగతా మూడు సబ్జెక్టుల నుంచి 300కు 195 కావాలి.

ముందు 43, 34, 35 పంపకం. మ్యాథ్స్ 48, 43 కలిసి 150కి 91, వందకు 60.67. ఫిజిక్స్ ప్రాక్టికల్‌తో 90కి 63, వందకు 70. కెమిస్ట్రీ 64, వందకు 71.11. మూడూ కలిపి 201.78. భాషలతో 381.78, అంటే 76.36 శాతం. గట్టెక్కింది.

ఇప్పుడు అదే 112ను మ్యాథ్స్‌లో 60, ఫిజిక్స్‌లో 27, కెమిస్ట్రీలో 25గా తెచ్చుకుందనుకుందాం. మెమోలో అదే 750, అదే ఏ గ్రేడ్. సెకండియర్ మార్కులు మామూలుగా కూడినా 530కి 398, 75.09 శాతం. కానీ వందకు మారిస్తే మ్యాథ్స్ 72, ఫిజిక్స్ 62.22, కెమిస్ట్రీ 60. మూడూ కలిపి 194.22. భాషలతో 374.22, అంటే 74.84 శాతం. పర్సంటైల్ దారి ఆదుకోకపోతే సీటుకు అర్హత లేదు. మెమో చూసి "డెబ్బై ఐదు దాటింది" అని స్వీట్లు పంచిన ఇంట్లో ఇది తెలిసేది సర్టిఫికెట్ల పరిశీలన రోజు.

ఈ రెండు పద్ధతుల్లో ఏది న్యాయం అనే వాదన కూడా ఉంది. మ్యాథ్స్‌కు ఎక్కువ సిలబస్, ఎక్కువ పేపర్లు, కాబట్టి ఎక్కువ బరువు ఉండాలని మార్కులు కూడే పద్ధతిని సమర్థించేవాళ్లు అంటారు. దేశంలోని బోర్డులన్నీ ఒకే కొలతలో ఉండవు, ఒక రాష్ట్రంలో మ్యాథ్స్ వందకు, ఇంకోచోట నూట యాభైకి ఉంటే పోల్చడానికి ఏదో ఒక సమాన కొలత కావాలని రెండోవాళ్లు అంటారు. ఎవరి అవసరం వాళ్లది. విద్యార్థి చూసుకోవాల్సింది తనకు కావాల్సిన 75 ఏ కొలతలోది అన్నదే. జోసా ఏటా బిజినెస్ రూల్స్ విడుదల చేస్తుంది కాబట్టి ఆ ఏడాది ప్రతి చదివే ఈ లెక్క వేసుకోవాలి.

రెండు 75లూ ఒకేసారి దాటాలంటే ఎలాగని ఆమె అడిగింది. కాగితం మీద కాసేపు కుస్తీ పట్టాం. మూడు పేపర్లలో సరిగ్గా 112 వస్తే, అందులో మ్యాథ్స్ వాటా 58 దాటనంత వరకు జోసా లెక్క కూడా నిలుస్తుంది. 59 అయితే 375 తప్పిపోతుంది. ఇంకోలా చెప్పాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిసి కనీసం 54 తేవాలి, మూడూ కలిసి కనీసం 112 తేవాలి. ఈ రెండూ నెరవేరి, ఏ పేపర్లోనూ పాస్ మార్కు తప్పకపోతే మ్యాథ్స్ ఎంత వచ్చినా ఇబ్బంది లేదు. ఆ రెండు అంకెలే రఫ్ నోట్సు చివరి పేజీలో పెద్దగా రాసుకుని, మిగతా కాగితాలన్నీ మా టేబుల్ మీదే వదిలేసి కిందికి వెళ్లిపోయింది.